పాన్‌ని ఆధార్‌కి తగ్గట్టు మార్చేసుకోండి అంటే నేను ఎందుకు ఒప్పుకోను

మొన్న మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. "మీ రిఫండు ఆగిపోయిందా? పాన్‌లో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఎలా ఉంటే అలా మార్చేసుకోండి. పది నిమిషాల పని" అని. కింద పదిహేను బొటనవేళ్ళు. మామూలుగా ఇలాంటివాటికి నేను జవాబివ్వను. ఈసారి ఊరుకోలేకపోయాను, ఎందుకంటే ఈ పది నిమిషాల పనిని ఈమధ్యే దాదాపు రెండు నెలలపాటు చేశాను. అదీ నా రిఫండు కోసం కాదు, తెనాలిలో ఉండే మా బాబాయి ఆదాయపు పన్ను రిఫండు కోసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెండు కాగితాలు కలవనప్పుడు "ఏది మార్చడం తేలిక" అని మొదలుపెడితే దెబ్బతింటాం. "ఏది నిజం" అని మొదలుపెట్టాలి. మన తరం, మన ముందు తరం విషయంలో పుట్టిన తేదీకి నిజం అంటే చాలామందికి పదో తరగతి సర్టిఫికెట్టు. ఆధార్ కాదు. ఇందులో నాకూ కొన్ని అనుమానాలున్నాయి, అవి చివర్లో చెప్తాను.

రావు గారి వంశం

మా బాబాయి అసలు పేరు ఇక్కడ రాయను. ఇంటిపేరు కొండపల్లి, పేరు సాంబశివరావు అనుకుందాం. 2003లో ఆయనకి పాన్ తీయించింది ఊళ్ళో ఒక ఏజెంటు. దరఖాస్తులో మూడు గళ్ళుంటాయి: మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు. ఆ ఏజెంటు మొదటి గడిలో K, మధ్యలో SAMBA SIVA, చివర RAO అని రాసి పంపించాడు. పొడి అక్షరాలు రాయొద్దని ఫారం మీదే ఉంటుంది, అయినా ఆ రోజుల్లో అలాంటివి బోలెడు నడిచిపోయాయి. కార్డు మీద K SAMBA SIVA RAO అని వచ్చింది. ఇరవై ఏళ్ళు దానికి ఏ లోటూ లేదు.

పాన్ నంబరు తీసి చూడండి. పది అక్షరాల్లో నాలుగోది P ఉంటుంది, వ్యక్తి అని అర్థం. ఐదోది మీ చివరి పేరులో మొదటి అక్షరం. మీ ఐదో అక్షరం మీ ఇంటిపేరుతో కలవకపోతే, మొదట్లో ఎవరో చివరి పేరు గడిలో ఇంటిపేరు కాక ఇంకేదో రాశారన్నమాట. బాబాయిది R. అంటే పన్ను శాఖ లెక్కలో ఆయన కొండపల్లి వారు కాదు, రావు గారి వంశం. తెలుగువాళ్ళలో ఇలా రావులూ రెడ్లూ కుమార్లూ అయిపోయినవాళ్ళు ఎంతమందో. ఇంటిపేరు ముందు చెప్పుకునే మనకి "చివరి పేరు" గడి ఎప్పుడూ తిరకాసే.

ఇక ఆధార్. 2011లో తీసినప్పుడు ఆయన చేతిలో ఏ కాగితమూ లేదు, ఏ సంవత్సరం అంటే 1959 అన్నాడు. కార్డు మీద సంవత్సరం మాత్రమే వచ్చింది. తర్వాతెప్పుడో ఫోన్ నంబరు మార్పించి కొత్త కార్డు తీసుకుంటే అందులో 01/01/1959 అని ఉంది. పేరు మాత్రం Kondapalli Sambasiva Rao అని శుభ్రంగా ఉంది. పాన్‌లో పుట్టిన తేదీ 12/06/1959, పదో తరగతి సర్టిఫికెట్టులో ఉన్నదే.

కాబట్టి పాన్‌లో పేరు తప్పు, తేదీ ఒప్పు. ఆధార్‌లో పేరు ఒప్పు, తేదీ తప్పు. ఒక్క కార్డు మారిస్తే సరిపోయే వ్యవహారం కాదిది. కానీ ఇంటర్నెట్ సెంటరులో కూర్చున్న కుర్రాడికి అదేం కనపడదు కదా.

డబ్బు కట్టాను కదా

పాన్, ఆధార్ కలపడానికి గడువు 2023 జూన్ 30. ఆ నెలలో బాబాయి వెయ్యి రూపాయలు కట్టి రసీదు దాచుకున్నాడు. "నాది అయిపోయిందిరా" అని ధీమాగా ఉన్నాడు. డబ్బు కట్టడం ఒక మెట్టు, కలపమని అడగడం ఇంకో మెట్టు. రెండో మెట్టు మీద వివరాలు కలవడం లేదని వెనక్కి వచ్చింది. ఆ సంగతి చెప్పే మెసేజి ఏ ఫోనుకి పోయిందో తెలీదు. జూలై 1 నుంచి ఆయన పాన్ పనిచెయ్యని పాన్ అయింది. నంబరు రద్దవదు, రిటర్ను కూడా వెయ్యొచ్చు. కానీ రిఫండు ఇవ్వరు, ఆ కాలానికి వడ్డీ ఇవ్వరు, ఎక్కడ టీడీఎస్ పట్టినా పెద్ద రేటులో పడతారు.

ఇది బయటపడటానికి ఏడాది పైన పట్టింది. 2024లో ఊళ్ళో పొలం అమ్మిన డబ్బు 25 లక్షలు ఫిక్సెడ్ డిపాజిట్ వేశాడు. ఆయనకి పెన్షన్ కొద్దిగా వస్తుంది, పన్ను పడే ఆదాయం కాదు. అందుకే టీడీఎస్ పట్టొద్దని బ్యాంకులో 15హెచ్ ఫారం ఇచ్చాడు. సంవత్సరానికి 1,86,000 వడ్డీ వస్తే అందులో 37,200 టీడీఎస్ పట్టేశారు, నూటికి ఇరవై చొప్పున. పాన్ పనిచెయ్యనప్పుడు పాన్ ఇవ్వనట్టే లెక్క, 15హెచ్ కూడా చెల్లదు. ఆ ముక్క బ్యాంకులో ఎవరూ చెప్పలేదు. "మీరు సీనియర్ సిటిజనే కదండీ, ఎందుకు పట్టిందో సిస్టం" అన్నారు.

అదృష్టం ఏంటంటే ఆయన టీడీఎస్ పాన్ మీద నమోదైంది. రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది. అక్కడే నేను సీనులోకి వచ్చాను.

మూడు తలుపులు, మూడు తాళాలు

2025 జూలై 28న రిటర్ను వేశాను. ఆధార్ ఓటీపీతో వెరిఫై చెయ్యబోతే పాన్, ఆధార్ కలవలేదు కాబట్టి కుదరదంది. సరే, బ్యాంకు ఖాతా ద్వారా వచ్చే కోడుతో చేద్దామని My Bank Account లోకి వెళ్ళి ఖాతా ధ్రువీకరించబోతే అదీ ఫెయిలైంది, పేరు కలవలేదట. బ్యాంకులో కేవైసీ ఆధార్‌తో చేశారు కాబట్టి అక్కడ Kondapalli ఉంది, పాన్‌లో K ఉంది.

బాబాయి పక్కనే కూర్చుని చూస్తున్నాడు. "నేను నేనే అని చెప్పడానికి ఇంకేం తేవాలిరా?" అన్నాడు. పిన్ని లోపలి నుంచి, "ఆ కంప్యూటర్‌ని ఇంటికి పిలవండి, నేను చెప్తాను" అంది.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. వెరిఫై అవ్వలేదు కాబట్టి ముందు పేరు మార్చాలి, తేదీ మార్చాలి, తర్వాత వెరిఫై చేద్దాం అని కూర్చుంటారు. ఈలోగా 30 రోజులు గడిచిపోతాయి. రిటర్ను వేసిన రోజు నుంచి 30 రోజుల్లో వెరిఫై చెయ్యకపోతే, ఎప్పుడు వెరిఫై చేస్తే అప్పుడే రిటర్ను వేసినట్టు లెక్క. ఆ తేదీ గడువు దాటితే పన్ను పడే ఆదాయం ఉన్నవాళ్ళకి ఆలస్య రుసుము కూడా: ఆదాయం 5 లక్షల లోపైతే 1,000, పైనైతే 5,000. అసలు వెరిఫై చెయ్యనేలేదంటే అది వేయని రిటర్నే.

నిజానికి ఇవి మూడు వేరువేరు తలుపులు. వెరిఫికేషన్ ఒకటి, పాన్-ఆధార్ లింకు ఒకటి, బ్యాంకు ఖాతా ఒకటి. ఒకే తప్పు మూడింటికీ తాళం వేసింది గానీ, మొదటి తలుపుకి పాతకాలపు తాళంచెవి ఇంకోటుంది. దాని పేరు ఐటీఆర్-వి. ఒక పేజీ కాగితం. డౌన్‌లోడ్ చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టి బెంగళూరులోని సెంట్రలైజ్డ్ ప్రాసెసింగ్ సెంటరుకి పోస్టు చెయ్యడమే, పిన్‌కోడ్ 560500. దానికి ఆధార్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. 30 రోజుల లోపల అక్కడికి చేరేట్టు చూసుకోవాలి, ఇరవై తొమ్మిదో రోజు పోస్టు చేసి లాభం లేదు.

జూలై 31న బాబాయి తెనాలి పోస్టాఫీసులో స్పీడుపోస్టు చేశాడు. ఆగస్టు 8న వెరిఫై అయిందని మెసేజి వచ్చింది. ఆ రోజు ఆయనకి కలిగిన ఆనందం డబ్బొచ్చిన రోజు కూడా కలగలేదు. "చూశావా, పోస్టుకార్డు రోజులే నయం" అని పిన్నికి చూపించుకున్నాడు.

కవరు మీద చిరునామా బాబాయే రాశాడు, గుండ్రటి దస్తూరీతో. లోపల ఐటీఆర్-వి మడవకుండా పెట్టాలని పట్టుబట్టి పెద్ద కవరు కొన్నాడు. కౌంటరులో రసీదు తీసుకుని చొక్కా జేబులో పెట్టుకుని, ఇంటికొచ్చాక రెండు జెరాక్సులు తీయించాడు. ఆ జాగ్రత్త మన పద్ధతి, నవ్వొచ్చినా అది సరైనదే. ట్రాకింగ్ నంబరు లేకపోతే పోస్టు చేశామన్న మాటకి సాక్ష్యం ఉండదు.

పది నిమిషాల సలహా

ఇప్పుడు అసలు తగాదా. మా వీధిలో రిటర్నులు వేసిపెట్టే ఒకాయన, నాకూ స్నేహితుడే, తీరిగ్గా చెప్పాడు: "ఎందుకండీ ఆధార్ గొడవ? పాన్‌లో తేదీ 01/01 చేసేద్దాం. ఆధార్ ఇ-కేవైసీతో పెడితే కాగితాలు కూడా అక్కర్లేదు. రెండు వారాల్లో కొత్త పాన్ వస్తుంది, లింకు చేసేస్తాం, రిఫండు వచ్చేస్తుంది."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఇ-కేవైసీ దారిలో ఆధార్‌లో ఏముంటే అదే పాన్‌లోకి వస్తుంది. అందుకే అది వేగం. అందుకే ప్రమాదం కూడా. ఆధార్‌లో ఉన్న తప్పు పాన్‌లోకి కాపీ అవుతుంది. రెండూ కలిసి ఒకే అబద్ధం చెప్తాయి, కంప్యూటర్ సంతోషిస్తుంది. కానీ బాబాయి ఎల్‌ఐసీ పాలసీలు, పెన్షన్ కాగితాలు, పాస్‌పోర్టు అన్నీ 12/06/1959 మీద ఉన్నాయి. రేపు ఏ క్లెయిములోనో ఇవే రెండు తేదీలు మళ్ళీ పోట్లాడుకుంటాయి. అప్పటికి ఆయన ఉండకపోవచ్చు, పిన్ని తిరగాల్సి వస్తుంది.

ఇంకో సంగతి. ఆధార్ సంస్థే పుట్టిన తేదీకి ఆధార్‌ని రుజువుగా తీసుకోవద్దని 2023లో చెప్పింది. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో చనిపోయినతని వయసు లెక్కించడానికి ఆధార్‌ని కాదని, స్కూలు సర్టిఫికెట్టుని తీసుకుంది. అంటే ఆధార్‌లో తేదీ రుజువు కాదు, కానీ పాన్‌లో తేదీ దానితో అచ్చం కలవాలి. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే నాకు ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలీదు.

పైగా అవకాశాల లెక్క చూడండి. ఆధార్‌లో పేరు జన్మలో రెండుసార్లు మార్చుకోవచ్చు. పుట్టిన తేదీ ఒక్కసారి. పాన్‌లో అలాంటి లెక్క లేదు, రుజువుంటే ఎప్పుడైనా మార్చుకోవచ్చు, నంబరు మారదు. కాబట్టి తక్కువ అవకాశాలున్నదాన్ని ముందు, జాగ్రత్తగా, అసలైన కాగితంతో సరిచేసుకోవాలి. తర్వాత పాన్‌ని దానికి జత చెయ్యాలి. నేను చెప్పేది ఇంతే. ఇప్పటికే ఏమైనా మార్పించుకున్నారేమో గుర్తులేకపోతే మైఆధార్ సైటులో అప్‌డేట్ హిస్టరీ ఉంటుంది, చూసుకుని వెళ్ళండి.

స్నేహితుడు దీనికి ఇంకో అడ్డం వేశాడు. పేరు కలవనివాళ్ళు పాన్ సేవా కేంద్రానికి వెళ్ళి వేలిముద్రతో లింకు చేసుకోవచ్చు కదా, 50 రూపాయలే, అని. నిజమే, ఆ దారి ఉంది, పేరులో చిన్న తేడా ఉండి మరే గొడవా లేనివాళ్ళకి అది చాలు. కానీ లింకు అయినా కార్డుల మీద తేడా అలాగే ఉంటుంది, బ్యాంకు తలుపు తెరుచుకోదు. మాకు బ్యాంకు తలుపే కావాలి.

ఆగస్టు, సెప్టెంబరు

ఆగస్టు 4న ఆధార్ కేంద్రానికి వెళ్ళారు. 50 రూపాయలు (అక్టోబరు నుంచి 75 అయింది). పదో తరగతి సర్టిఫికెట్టు పట్టుకెళ్ళమంటే, ఒరిజినల్ పాడవుతుందేమోనని బాబాయి జెరాక్సు పట్టుకెళ్ళాడు. అక్కడి అమ్మాయి అదే స్కాన్ చేసేసింది. ఆగస్టు 13న తిరస్కరించినట్టు మెసేజి. ఫోనులో నా మీద అరిచాడు, నేను ఆయన మీద అరిచాను, పిన్ని ఇద్దరి మీదా అరిచింది.

ఆగస్టు 18న మళ్ళీ. ఈసారి 1975 నాటి ఒరిజినల్, ప్లాస్టిక్ కవరులోంచి తీసి, మడతల దగ్గర చిరిగిపోకుండా అట్టమీద పెట్టి పట్టుకెళ్ళాడు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది: తేదీ రుజువుకి ఇచ్చే కాగితం మీద పేరు కూడా ఆధార్‌లో పేరుతో కలవాలి. మా అదృష్టం, సర్టిఫికెట్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. అందులో K అని ఉంటే కథ ఇంకో మలుపు తిరిగేది. నమోదు చీటీ చేతికిచ్చేముందు తెర మీద ఇంగ్లీషు స్పెల్లింగు, తేదీ ఆయన చేతే చదివించమని చెప్పి పంపాను. రోజూ నెలా తారుమారై 06/12 అని పడిందంటే ఉన్న ఒక్క అవకాశం పోయినట్టే. ఆగస్టు 30న మారింది.

అప్పుడు పాన్. సెప్టెంబరు 1న ఆన్‌లైనులో సవరణ దరఖాస్తు, ప్రొటీన్ సైటులో. ఒకప్పుడు ఎన్ఎస్‌డీఎల్ అనేవాళ్ళు, అదే ఇది. యూటీఐ వాళ్ళ సైటులోనూ చెయ్యొచ్చు. కార్డు ఇంటికి రావాలంటే 107 రూపాయలు. కొత్త పాన్ దరఖాస్తు కాదు, "మార్పులు లేదా సవరణ" అన్న ఫారం తెరవాలి. పొరపాటున కొత్తదానికి పెడితే రెండు పాన్‌లవుతాయి, దానికి జరిమానా 10,000 ఉంది.

ఇక్కడ గళ్ళ ముందు కూర్చుని నేను చాలాసేపు ఆలోచించాను. ఇంటిపేరు చివరి పేరు గడిలో పెట్టడం పద్ధతి. KONDAPALLI చివర, SAMBASIVA మొదట, RAO మధ్యలో పెడితే గళ్ళ లెక్కన సరిగ్గా ఉంటుంది. కానీ కార్డు మీద SAMBASIVA RAO KONDAPALLI అని వస్తుంది, ఎందుకంటే పాన్ మొదటి, మధ్య, చివరి వరుసలో అచ్చవుతుంది. ఆధార్‌లో వరుస Kondapalli Sambasiva Rao. మళ్ళీ తేడా! రెండూ ఒకే వరుసలో చదవాలంటే ఇంటిపేరు మొదటి పేరు గడిలో, RAO చివరి పేరు గడిలో పెట్టాలి. అంటే 2003లో ఆ ఏజెంటు పెట్టిన వరుసే. ఆయన చేసిన తప్పు గడిలో లేదు, K ని విడదీసి రాయకపోవడంలో, సాంబశివని రెండు ముక్కలు చెయ్యడంలో ఉంది. ఇన్నాళ్ళూ తిట్టుకున్న మనిషికి సగం క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

KONDAPALLI / SAMBASIVA / RAO అని పెట్టాను. మీ పేరుకి మీరు గడుల కొలతతో కాక, ఆధార్‌లో ఉన్న వరుసలో, అక్షరం అక్షరం, ఖాళీలతో సహా చూసుకుని నింపండి. పేరులో కొద్దిపాటి తేడా ఉంటే లింకు అప్పుడు ఓటీపీతో సర్దుకుంటుంది. తేదీ, లింగం మాత్రం అచ్చం కలవాల్సిందే, అక్కడ బేరం లేదు.

సెప్టెంబరు 15న ఈ-పాన్ ఈమెయిలుకి వచ్చింది. ఆ పీడీఎఫ్ తెరవాలంటే పాస్‌వర్డు పుట్టిన తేదీ, 12061959. టక్కున తెరుచుకుంది. పాన్ రికార్డులో మీ తేదీ ఏముందో అనుమానముంటే ఇది మంచి పరీక్ష. పన్ను శాఖ పంపే ఇంటిమేషన్ పీడీఎఫ్ కూడా ఇంచుమించు ఇలాగే తెరుచుకుంటుంది, పాన్ చిన్న అక్షరాల్లో కొట్టి, వెనకాలే తేదీ:

```
abcpr1234f12061959
```

ఏ తేదీతో తెరుచుకుంటే రికార్డులో ఆ తేదీ ఉన్నట్టు.

సెప్టెంబరు 24న Link Aadhaar నొక్కాను. 2023లో కట్టిన వెయ్యి రూపాయలు అక్కడే ఉన్నాయి, మళ్ళీ అడగలేదు. ఆ రసీదు దాచుకున్నందుకు బాబాయి వారం రోజులు గొప్పలు చెప్పుకున్నాడు. పాన్ మళ్ళీ పనిచెయ్యడానికి 30 రోజులదాకా పట్టొచ్చంటారు, మాకు అంత పట్టలేదు. తర్వాత బ్యాంకు ఖాతా ధ్రువీకరణ మళ్ళీ పెడితే ఈసారి పేరు కలిసింది. ఈలోపు రిటర్ను ప్రాసెస్ అయి రిఫండు తేలింది గానీ ఖాతాలో పడలేదు. Services కింద Refund Reissue లో అడిగాను, నవంబరులో 37,200 పడ్డాయి.

ఇందులో పోయింది వడ్డీ. రిఫండు మీద నెలకి అర శాతం, అంటే నెలకి 186 రూపాయలు వడ్డీ రావాలి. పాన్ పనిచెయ్యని కాలానికి అది లేదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా లెక్కేస్తే 1,100 పైచిలుకు.

నా అనుమానాలు

స్నేహితుడు ఇదే పట్టుకుని అడిగాడు: "మీ సత్యనిష్ఠకి వెయ్యి రూపాయలు, రెండు నెలలు పోయాయి. నా దారిలో వెళ్తే ఆగస్టులోనే అయిపోయేది." లెక్కలో ఆయనే గెలిచాడు. నేను ఒప్పుకున్నాను. డబ్బు అత్యవసరమైనవాళ్ళకి, ఉదాహరణకి ఆస్పత్రి ఖర్చుల్లో ఉన్నవాళ్ళకి, నేను బాబాయికి చెప్పినంత గట్టిగా చెప్పగలనా అంటే చెప్పలేను.

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. ఇన్ని పేర్లతో, ఇన్ని తేదీలతో దేశం నడిస్తే ఒక్కొక్కడు రెండు పాన్‌లు పెట్టుకుని తిరగడా, అందుకే ఈ ముడి కదా అని. అది నిజమే. మా చుట్టాల్లోనే ఒకాయన దగ్గర రెండు పాన్‌లుండేవి, ఒకటి ఇంటిపేరుతో, ఒకటి లేకుండా. దురుద్దేశం ఏమీ లేదు, మొదటిది పోయిందనుకుని రెండోది తీసుకున్నాడు. అలాంటివి పట్టుకోవడానికి సరిపోల్చడం కావాల్సిందే. నా గొడవ సరిపోల్చడంతో కాదు. తేదీకి రుజువే కాని దాన్ని కొలబద్దగా పెట్టడంతో.

నా వాదనకి అసలైన దెబ్బ మా ఇంట్లోనే ఉంది. అమ్మ. బడికి వెళ్ళలేదు, పదో తరగతి సర్టిఫికెట్టు ఎక్కడిది? పాన్‌లో ఏదో ఆగస్టు తేదీ ఉంది, అది ఎవరు కల్పించారో ఆవిడకే తెలీదు. ఆధార్‌లో 01/01. అమ్మని అడిగితే "పెద్ద తుఫాను వచ్చిన ఏడాది, కార్తీకంలో" అంటుంది. నిజం వైపు సరిచెయ్యండి అని బాబాయికి ఉపన్యాసాలు చెప్పిన నేను అమ్మ పాన్‌ని ఆధార్ ఇ-కేవైసీతో, ఆ వాట్సాప్ ఫార్వర్డ్ చెప్పినట్టే మార్చేశాను. రెండు తప్పుల్లో ఒకటి ఎంచుకోవాల్సినప్పుడు, మార్చడానికి వీల్లేని తప్పు దగ్గర సర్దుకోవడమే మిగిలింది. కాబట్టి ఆ ఫార్వర్డ్ పూర్తిగా తప్పని అనను. కాగితం లేనివాళ్ళకి అది సలహా. కాగితం ఉన్నవాళ్ళకి అది ఉచ్చు.

పక్కమాటగా: డల్లాస్‌లో ఉండే మా అన్నయ్య పాన్ కూడా ఆగింది, ఆయనకి ఆధారే లేదు. విదేశాల్లో ఉండేవాళ్ళకి ఈ లింకు నుంచి మినహాయింపు ఉంది. కానీ పన్ను శాఖ రికార్డులో ఆయన ఇంకా ఇక్కడి నివాసిగానే ఉన్నాడు. అక్కడ సరిచెయ్యాల్సింది పేరూ కాదు, తేదీ కాదు, తన అసెసింగ్ ఆఫీసరుకి రాసి నివాస హోదా మార్పించుకోవాలి. 80 దాటినవాళ్ళకీ మినహాయింపు ఉంది. బాబాయి ఈ మాట విని "ఇంకా పద్నాలుగేళ్ళు ఆగితే పోయేదిగా" అన్నాడు.

కొత్త పాన్ కార్డు దసరాకి ముందు పోస్టులో వచ్చింది. నేను వెళ్ళినప్పుడు తెచ్చి చూపించాడు. పేరు పూర్తిగా, తేదీ సరిగ్గా. నంబరు మాత్రం పాతదే, ఐదో అక్షరం R. సవరణలు ఎన్ని చేసినా నంబరు మారదని చెప్పాను. కళ్ళజోడు పైకెత్తి కాసేపు దాన్నే చూసి, "సర్లే, ఆ గడిలో ఇప్పుడు కూడా రావే ఉంది కదా" అని కార్డు మళ్ళీ పర్సులో పెట్టుకున్నాడు.